ఆదివారం బిర్యానీకి ఫ్రీజర్‌లో చికెన్: గట్టు మీదా, ఫ్రిజ్‌లోనా, నీళ్లలోనా?

ప్రశ్న: ఫ్రీజర్‌లో కిలోన్నర చికెన్ ఒకే గడ్డలా ఉంది. ఆదివారం మధ్యాహ్నానికి దమ్ బిర్యానీ చేయాలి. శనివారం రాత్రి గట్టు మీద పెట్టేస్తే పొద్దుటికి కరిగిపోతుంది, మేమెప్పుడూ ఇంతే అంటున్నారు మా అత్తయ్య. మా ఆయన ఫ్రిజ్‌లోనే పెట్టమంటున్నారు. నీళ్లలో వేస్తే తొందరగా అవుతుందని ఇంకెవరో చెప్పారు. ఏది సేఫ్? ఎంత టైమ్ పడుతుంది? మాది విజయవాడ, ఎండలు తెలుసు కదా, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

శుక్రవారం రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి, ఒక లోతు గిన్నెలో పెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. ఆదివారం పొద్దుటికి సిద్ధంగా ఉంటుంది. అన్నిటికన్నా సేఫ్ ఇదే. శుక్రవారం మర్చిపోతే శనివారం రాత్రి ఫ్రిజ్‌లోకి దించి, మిగిలిన గడ్డను ఆదివారం పొద్దున్నే చల్లటి నీళ్లలో విడదీయండి. అదీ కుదరకపోతే ఆదివారం పొద్దున పూర్తిగా చల్లటి నీళ్లలోనే కరిగించవచ్చు. కిలోన్నర గడ్డకు రెండున్నర గంటలు పడుతుంది, చేతిలో మూడు గంటలు ఉంచుకోండి. రాత్రంతా గట్టు మీద మాత్రం వద్దు. మే నెల విజయవాడలో అసలే వద్దు.

నేను పందొమ్మిదేళ్లుగా వంటశాలల్లోనే పనిచేస్తున్నాను. మొదట ఒక హాస్టల్ మెస్‌లో, తర్వాత క్యాటరింగ్‌లో. మాదీ విజయవాడే. అందుకే మీ ఊరి ఎండ, మీ ఇంటి కుళాయి నీళ్లు దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు చలిదేశాల వాళ్లు రాసినవి. వాటిని ఉన్నదున్నట్టు మన ఇంట్లో చేస్తే ఒకచోట తేడా వస్తుంది. ఆ చోటు కింద వివరంగా చెబుతాను.

ముందు అత్తయ్యగారి మాట. ఆవిడ అనుభవాన్ని నేను తీసిపారేయడం లేదు. ఆవిడ కాలంలో చికెన్ అంటే కొట్టు దగ్గర కళ్ల ముందు కోయించుకుని, ఇంటికి తెచ్చి, కడిగి, గంటలో పొయ్యి మీద పెట్టేయడమే. అది గట్టు మీద అరగంట ఉన్నా ఏమీ కాదు. ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టిన చికెన్ సంగతి వేరు. అది బయట నుంచి లోపలికి మెల్లగా కరుగుతుంది. లోపల ఇంకా ఐస్ ఉండగానే బయటి ముక్కలు గది వేడికి వచ్చేస్తాయి. గట్టు మీద ప్రమాదమంతా ఈ తేడాలోనే ఉంది.

దీన్ని నేను ఒకసారి కొలిచి చూశాను. మా కిచెన్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు నా మాట నమ్మలేదు. వాళ్ల ముందే ఒక మే రాత్రి పదింటికి, మీ దగ్గరున్నట్టే కిలోన్నర గడ్డ ఒకటి గ్రానైట్ గట్టు మీద ప్లేట్‌లో పెట్టాను. గదిలో 33 డిగ్రీలు. మాంసంలోకి గుచ్చే ప్రోబ్ థర్మామీటర్‌తో మధ్య మధ్యలో చూస్తూ వచ్చాం. రాత్రి ఒంటిగంటకు అంచున ఉన్న రెక్క ముక్క 14 డిగ్రీలు చూపించింది. గడ్డ నడిమధ్యన మాత్రం ఇంకా సున్నా కంటే తక్కువే, సూది దిగడం కూడా కష్టమైంది. మూడింటికి అంచు 22 దాటింది, మధ్యలో అప్పుడే కరగడం మొదలైంది. పొద్దున ఆరింటికి ముక్కలన్నీ 28 దగ్గర ఉన్నాయి, ప్లేట్ నిండా ఎర్రటి నీళ్లు, ఆ నీళ్లు అంచు దాటి గట్టు మీదికి పారాయి. వాసన మాత్రం ఏమీ లేదు. చూడటానికి బాగానే ఉంది. కుర్రాళ్లలో ఒకడు "బాగానే ఉంది కదా, వండేద్దాం" అన్నాడు కూడా. ఆ చికెన్ పారేశాం.

ఎందుకు పారేయాలో చెబుతాను. పచ్చి మాంసం మీద బ్యాక్టీరియా ఉండడం మామూలే. సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటివి కోడి మాంసంలో తరచుగా కనిపించేవే. ఫ్రీజర్ వాటిని చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. 4 డిగ్రీలు దాటి, 60 డిగ్రీల లోపు ఉన్నంతసేపూ ఇలాంటి బ్యాక్టీరియాలో ఏదో ఒక రకం పెరగడానికి వీలుంటుంది. గది వేడిలో, పరిస్థితి అనుకూలిస్తే కొన్ని రకాలు ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతాయి. అంటే గంటలో ఒకటి ఎనిమిది అవుతుంది, మూడు గంటల్లో ఐదు వందలు దాటుతుంది. అందుకే పచ్చి చికెన్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదంటారు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఆ రెండు గంటలు ఒక్క గంట అవుతుంది. ఆ రాత్రి మా గట్టు మీద రెక్క ముక్క ఎన్ని గంటలు అలా ఉందో లెక్కేసుకోండి.

"ఎలాగూ ఉడికిస్తాం కదా, అన్నీ చచ్చిపోతాయి" అని అందరూ అడుగుతారు. బాగా ఉడికితే బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ స్టెఫైలోకాకస్ లాంటి కొన్ని రకాలు బాగా పెరిగినప్పుడు మాంసంలోకి విషం వదులుతాయి. ఆ విషం మరిగే నీళ్ల వేడికి కూడా చావదు. కారం, మసాలా, పెరుగు, నిమ్మరసం, ఏవీ దాన్ని తీసేయలేవు. ఇక రెండోది, నా అనుభవంలో ఇదే ఎక్కువ పట్టించుకోవాల్సింది: ఆ ఎర్రటి నీళ్లు. చికెన్ ఉడుకుతుంది సరే, గట్టు మీద పారిన నీళ్లు ఉడకవు కదా. అదే గట్టు మీద మీరు బిర్యానీలోకి ఉల్లిపాయ చక్రాలు కోస్తారు, నిమ్మకాయ కోస్తారు, రైతాలోకి కీరా కోస్తారు. అవన్నీ పచ్చివే తింటాం. క్యాంపిలోబ్యాక్టర్‌కి జబ్బు చేయడానికి పెద్ద సంఖ్యలో ఉండాల్సిన అవసరం కూడా లేదు. కొద్దిగా ఆ నీళ్లు తగిలిన కత్తిపీటే చాలు.

వాసన చూసి తెలుసుకుందాం అనుకోవద్దు. మాంసాన్ని కుళ్లబెట్టి కంపు తెప్పించే బ్యాక్టీరియా వేరు, మనకు జబ్బు చేసేవి వేరు. రెండో రకం పెరిగినా వాసన రాకపోవచ్చు.

ఇప్పుడు ఫ్రిజ్ గురించి. ఫ్రిజ్‌లో పెట్టమనడానికి కారణం, అక్కడ గడ్డ ఎంత మెల్లగా కరిగినా అంచు ముక్క కూడా 4 డిగ్రీలు దాటదు. ఎంతసేపు పట్టినా భయం లేదు. ఓపిక ఒక్కటే కావాలి. అర కిలో పల్చటి ప్యాకెట్‌కి ఒక పగలు, ఒక రాత్రి లెక్కేసుకోండి. కిలో గడ్డకు కూడా ఒక రోజు పైనే. కిలోన్నర గడ్డకు, లేదా కిలోన్నర మొత్తం కోడికి ముప్పై నుంచి ముప్పై ఆరు గంటలు పెట్టుకోండి. రెండు కిలోలకు ఒక రోజు చాలని చాలాచోట్ల రాసి ఉంటుంది. కర్రీ కట్ ముక్కలన్నీ దగ్గరగా అతుక్కుని ఇటుకలా ఉన్న గడ్డ మాత్రం ఆ లెక్కకు రావడం నేను చూడలేదు. ఇరవై నాలుగు గంటల తర్వాత చేత్తో నొక్కితే పైన మెత్తగా, లోపల రాయిలా ఉంటుంది. మీరు శనివారం రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి ఆదివారం పొద్దున తీస్తే జరిగేది ఇదే. అందుకే శుక్రవారం రాత్రి అన్నాను.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యం. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ కింద ఒక చిల్లర్ ట్రే ఉంటుంది. చాలామంది మాంసం అంటే అందులోనే పెడతారు. అది దాదాపు సున్నా డిగ్రీల్లో ఉంటుంది. నిల్వ ఉంచడానికి మంచిదే కానీ, అక్కడ రెండు రోజులైనా గడ్డ విడిపోదు. కరగడానికైతే కింది అర వాడండి. కూరగాయల డబ్బా పైన ఉండే అర. అందులో కొత్తిమీర, టమాటాలు, మిగిలిన పప్పు లాంటివి ఉంటే వాటిని పై అరలోకి మార్చేయండి. చికెన్ కింద ఆ డబ్బా తప్ప ఇంకేమీ ఉండకూడదు. గిన్నె లోతుగా ఉండాలి, ప్యాకెట్ కింద కనీసం ఇంత వేలెడు జాగా ఉండేలా. కిలోన్నర గడ్డ కరిగితే పావు గ్లాసుకు పైగా నీరు ఊరుతుంది. ప్లేట్‌లో పెడితే అది పొంగి కింద కూరగాయల్లో పడుతుంది.

ఫ్రిజ్ నిజంగా చల్లగా ఉందా అన్నది ఒకసారి చూసుకోండి. ఒక గ్లాసు నీళ్లు మధ్య అరలో రాత్రంతా పెట్టి, పొద్దున థర్మామీటర్‌తో కొలవండి. 4 డిగ్రీలు, ఇంకా తక్కువ ఉంటే సరే. ఎండాకాలం మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపు గంటకు పదిసార్లు తెరుచుకుంటుంది, పిల్లలు నీళ్లకు, పెద్దవాళ్లు మజ్జిగకు. డయల్ మూడు మీద ఉంటే నాలుగుకో ఐదుకో తిప్పండి. కరెంట్ పోతే తలుపు తీయకుండా ఉంచండి, నాలుగు గంటల వరకు చల్లదనం నిలుస్తుంది.

ఫ్రిజ్‌లో కరిగిన చికెన్‌ను వెంటనే వండాలని లేదు, ఒకటి రెండు రోజులు అలాగే ఫ్రిజ్‌లో ఉంచొచ్చు. ప్రోగ్రామ్ వాయిదా పడితే వండకుండానే మళ్లీ ఫ్రీజర్‌లోకి కూడా తోసేయవచ్చు. ముక్క కొంచెం పిప్పిగా అవుతుంది, అంతే. ఈ సౌకర్యం నీళ్లలో కరిగించిన చికెన్‌కి లేదు, దాన్ని వెంటనే వండేయాలి. మళ్లీ ఫ్రీజ్ చేయాలంటే వండాకే.

నీళ్ల పద్ధతి దగ్గరే మన ఊళ్లలో పొరపాటు జరుగుతుంది. నీళ్లు గాలి కంటే చాలా ఎక్కువ వేగంగా వేడిని మాంసంలోకి తీసుకెళ్తాయి. అందుకే ఫ్రిజ్‌లో ఒకటిన్నర రోజు పట్టేది నీళ్లలో రెండున్నర గంటల్లో అవుతుంది. పుస్తకాల్లో "చల్లటి కుళాయి నీళ్లు" అని రాస్తారు. అమెరికాలో హోటళ్ల కోసం పెట్టిన ఆహార నియమాల్లో, పారే నీటిలో కరిగిస్తే ఆ నీరు 21 డిగ్రీలు మించకూడదని ఉంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం మీ మిద్దె మీద ట్యాంకు నీళ్లు పట్టి చూడండి. చెయ్యి కాలుతుంది. నేను కొలిచిన రోజు మా ట్యాంకు నీళ్లు 39 డిగ్రీలు. పొద్దున్నే పట్టినా 30 దగ్గర ఉంటాయి. బోరు నీళ్లు కాస్త నయం, అవి కూడా చల్లటివి కావు. కుళాయి నీళ్లన్నీ చల్లటి నీళ్లు కావు. మన ఎండాకాలంలో ఐస్ వేస్తేనే అవి చల్లటి నీళ్లు.

చేసే విధానం ఇదీ. చికెన్ ప్యాకెట్ ఒక్క చుక్క నీరు కారకుండా, ఎక్కకుండా ఉండాలి. కొట్టువాళ్లు ఇచ్చే పల్చటి క్యారీబ్యాగ్‌లో తప్పకుండా ఎక్కడో ఎముక గుచ్చుకుని చిల్లు ఉంటుంది. దాన్ని అలాగే ఒక గట్టి జిప్ కవర్‌లో పెట్టి, గాలంతా బయటకు నొక్కేసి మూయండి. గాలి ఉంటే ప్యాకెట్ తేలుతుంది, తేలిన వైపు కరగదు. పెద్ద టబ్బులో ఆరేడు లీటర్ల నీళ్లు పోసి, చెయ్యి పెడితే ఫ్రిజ్ సీసా నీళ్లంత చల్లగా తగిలేదాకా ఐస్ వేయండి. రెండు ట్రేల ఐస్ ముక్కలు, ఒక పెద్ద సీసా ఫ్రిజ్ నీళ్లు కలిపితే మామూలుగా సరిపోతుంది. ప్యాకెట్ ముంచి, పైన ఒక ప్లేట్ బోర్లించి, బరువు పెట్టండి. అరగంటకు ఒకసారి నీళ్లు మార్చండి.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. మొదటి అరగంటలో గడ్డ దానంతట అదే పెద్ద ఐస్ ముక్కలా పనిచేసి నీళ్లను చల్లబరుస్తుంది. ఒకసారి చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, పెట్టినప్పటికన్నా చల్లగా ఉంటాయి. రెండో, మూడో సారి నీళ్లు మార్చేసరికి గడ్డలో ఐస్ తగ్గిపోయి ఉంటుంది, అది ఇక నీళ్లను చల్లబరచలేదు. అప్పుడే పైముక్కలు పూర్తిగా కరిగి ఉంటాయి కూడా. కాబట్టి ఐస్ అసలు అవసరం తర్వాతి మార్పుల్లోనే. చాలామంది మొదట ఉన్న ఐస్ అంతా వేసేసి, చివర్లో గోరువెచ్చటి ట్యాంకు నీళ్లు పోస్తారు. అలా చేయకండి. సగం ఐస్ చివరికి దాచుకోండి.

గంట, గంటన్నర అయ్యాక ప్యాకెట్ తీసి, విప్పకుండానే పైనుంచి చేతులతో విరవండి. ముక్కలు కొన్ని విడిపోతాయి. ఆ ముక్కలను అటూ ఇటూ సర్ది మళ్లీ ముంచితే మిగతాది త్వరగా అవుతుంది. బరువు కన్నా మందం ముఖ్యమని ఇక్కడ అర్థమవుతుంది. అర కిలో పల్చగా పరిచి ఫ్రీజ్ చేసిన ప్యాకెట్ నీళ్లలో గంట లోపే విడిపోతుంది. కిలో గడ్డకు గంటన్నర నుంచి రెండు గంటలు. కిలోన్నర ఇటుకకు రెండున్నర. ఇది చల్లటి నీళ్ల లెక్క. నీళ్లు వెచ్చగా ఉంటే ఇంకా తొందరగానే అవుతుంది, ఆ తొందర మనకు అక్కర్లేదు.

వేడినీళ్లలో వేయడం గురించి ఒక్క మాట. పైన ముక్క తెల్లబడి సగం ఉడుకుతుంది, లోపల ఐస్ అలాగే ఉంటుంది. గట్టు మీద రాత్రంతా జరిగేది వేడినీళ్లలో గంటలో జరుగుతుంది. వద్దు. మైక్రోవేవ్‌లో డీఫ్రాస్ట్ బటన్ ఉంది కదా అంటే, అర కిలో లోపు బోన్‌లెస్‌కి, వెంటనే పొయ్యి మీద పెట్టేటట్టయితే వాడుకోవచ్చు. కర్రీ కట్ గడ్డకు అది పనికిరాదు, ఎముక చుట్టూ చల్లగా ఉండి అంచులు ఉడికిపోతాయి.

దమ్ బిర్యానీ అన్నారు కాబట్టి ఇది కచ్చితంగా చదవండి. పచ్చి చికెన్‌ను మసాలాలో నానబెట్టి, దాని మీద సగం ఉడికిన బియ్యం వేసి దమ్ పెట్టే రకమైతే, చికెన్ పూర్తిగా కరిగి ఉండాలి. కూరైతే కాస్త ఐస్ ఉన్నా ఇంకొంచెంసేపు ఉడికించుకోవచ్చు, మూత తీసి చూసుకోవచ్చు. గడ్డగా కాకుండా విడివిడిగా ఫ్రీజ్ అయిన ముక్కలైతే కరగకుండానే కూర వండినా ప్రమాదం లేదు, టైమ్ మామూలుకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది. దమ్‌లో ఆ అవకాశం లేదు. గిన్నె మూసి పిండి పెట్టేశాక లోపల ఏం జరుగుతుందో కనబడదు. బియ్యానికి సరిపోయే టైమే చికెన్‌కీ ఉంటుంది.

చాలా ఏళ్ల కిందట ఒక ఫంక్షన్‌లో నేను ఈ తప్పు కళ్లారా చూశాను. లెగ్ పీసులతో కచ్చి బిర్యానీ. లెగ్‌లు సాయంత్రం ఆలస్యంగా వచ్చాయి, పైకి మెత్తగా ఉన్నాయని మాస్టర్ మసాలా పట్టించేశారు. అక్కడ నేను రెండో మనిషిని, నొక్కి చూడాలని నాకూ తోచలేదు. హండీ తెరిచాం, పొగలు, ఘుమఘుమ, బియ్యం పువ్వులా విచ్చుకుంది. మొదటి లెగ్ విరిస్తే ఎముక దగ్గర మాంసం గాజులా మెరుస్తూ, ఎర్రటి నీరు కారింది. పక్కది తీస్తే అదీ అంతే. మొత్తం హండీలోంచి ముక్కలు ఏరి, వేరే పెనం మీద మళ్లీ ఉడికించి, బియ్యంతో కలిపి వడ్డించేసరికి గంటన్నర లేటు. బియ్యం ముద్దయిపోయింది. ఆ రోజు నుంచి నేను నానబెట్టే ముందు ఒక్కో లెగ్‌ని జాయింట్ దగ్గర వంచి చూస్తాను.

మీరూ అలాగే చూడండి. లెగ్, తొడ కలిసే జాయింట్ సులువుగా వంగాలి. తొడ ముక్క మందమైన చోట సన్నటి కత్తి మొన గుచ్చితే ఎక్కడా గరగరమని ఆగకుండా ఎముక దాకా దిగాలి. బయటకు తీసిన మొనను మణికట్టు మీద ఆనిస్తే ఐస్‌లా చురుక్కుమనకూడదు. మొత్తం కోడైతే పొట్ట లోపల వేళ్లు పెట్టి చూడండి, ఐస్ పలుకులు చివరగా కరిగేది అక్కడే. ఊరిన నీరు పూర్తిగా వంచేశాకే మసాలా పట్టించండి, లేకపోతే ఆ నీరు మసాలాలో కలిసి దమ్ అడుగున నీళ్లు నిలుస్తాయి.

ఉడికాక ఎముక చుట్టూ నల్లగా, ముదురు ఎరుపుగా కనిపిస్తే కంగారు పడకండి. లేత కోళ్లను ఫ్రీజ్ చేసి కరిగిస్తే ఎముకలోని మూలుగ రంగు బయటికి ఊరి, ఉడికినప్పుడు నల్లబడుతుంది. అది పచ్చిదనం కాదు. పచ్చిగా ఉంటే మాంసం మెరుస్తూ, సాగుతూ ఎముకను పట్టుకుని ఉంటుంది. అనుమానం లేకుండా తెలియాలంటే థర్మామీటర్ గుచ్చండి, మందమైన చోట 74 డిగ్రీలు ఉండాలి. ఆ థర్మామీటర్ ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

కడగడం గురించి కూడా అడుగుతారు, పసుపు ఉప్పు వేసి కడగకుండా మన ఇళ్లలో ఎవరూ వండరు. కడిగితే బ్యాక్టీరియా పోదు, కుళాయి కింద పెడితే చుట్టుపక్కల చింది అంటుకుంటుంది. అందుకే కడగకుండా వండమనే అసలు సలహా. మనసు ఒప్పకపోతే ధారగా పారే కుళాయి కింద కాకుండా, లోతు గిన్నెలో నీళ్లు పోసి, అందులోనే మెల్లగా కలిపి వంచేయండి. తర్వాత సింక్‌ను, గట్టును సబ్బుతో కడిగి, ఆరాకే ఉల్లిపాయలు కోయండి.

మీ ఆదివారానికి లెక్క ఇలా వేసుకోండి. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ప్యాకెట్‌ను లోతు గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి. శనివారం రాత్రి పడుకునే ముందు ఒకసారి తీసి, ప్యాకెట్ మీదనుంచే విరిచి చూడండి, బయటి ముక్కలు విడివడతాయి, ఊరిన నీరు వంచేసి మళ్లీ ఫ్రిజ్‌లోకి. ఆదివారం పొద్దున ఏడున్నరకు జాయింట్ వంచి చూడండి. మధ్యలో రెండు మూడు ముక్కలు గట్టిగా ఉంటే ఆ ముక్కల్నే జిప్ కవర్‌లో వేసి ఐస్ నీళ్లలో అరగంట. ఎనిమిదికల్లా మసాలా పట్టించి, మూతపెట్టి మళ్లీ ఫ్రిజ్‌లోనే నానబెట్టండి. నానడం అంటే బయట గట్టు మీద ఉండాలని కాదు, పెరుగు, ఉప్పు ఫ్రిజ్‌లో కూడా తమ పని చేస్తాయి. పదకొండుకు తీసి, చల్లదనం వల్ల దమ్‌కి మామూలు కన్నా ఐదు పది నిమిషాలు ఎక్కువ ఇవ్వండి, మొదట కాస్త పెద్ద మంట మీద గిన్నె అడుగు బాగా వేడెక్కనిచ్చి.

ఒకవేళ రాత్రి అత్తయ్యగారు మీకు తెలియకుండా గట్టు మీద పెట్టేసి, పొద్దున మీరు చూస్తే? ఎన్నింటికి తీశారో అడగండి. గంట లోపే అయి, ముక్కలు ఇంకా చేతికి ఐస్‌లా చల్లగా తగులుతుంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రంతా ఉండిపోతే పారేయండి. నాలుగు వందల రూపాయల చికెన్ పోతే బాధే, కానీ ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే నేను ఆ చికెన్ ఒక్క ముక్క కూడా వండను. కొట్టు దగ్గర తాజాగా కోయించుకొచ్చి, అత్తయ్యగారు చెప్పినట్టే గంటలో వండేయండి.

వచ్చేసారికి, కొట్టు నుంచి తేగానే ఫ్రీజర్‌లో అలాగే క్యారీబ్యాగ్‌తో పడేయకండి. అర కిలో చొప్పున జిప్ కవర్లలో వేసి, గాలి తీసేసి, చేత్తో పరిచి, రెండు వేళ్ల మందంలో పలకలా ఫ్రీజ్ చేయండి. కవర్ మీద తేదీ, బరువు రాయండి. మూడు పలకలు తీసి ఐస్ నీళ్లలో విడివిడిగా ముంచితే కిలోన్నర చికెన్ గంటలో సిద్ధం.